ఫ్రెంచ్ వాక్యానికి లయ కుదరాలంటే: ప్రతి గుంపులో చివరి అక్షరం మీద ఊనిక నిలపడం ఎలా

ఫ్రెంచ్‌లో ఊనిక మాటది కాదు, మాటల గుంపుది. కలిపి పలికే రెండు మూడు మాటలకు ఒక్కటే ఊనిక ఉంటుంది. అది ఆ గుంపులోని చివరి అక్షరం మీద పడుతుంది. మిగిలిన అక్షరాలన్నీ పొట్టిగా, ఒకే నిడివితో సాగుతాయి. ఫ్రెంచ్ బోధకులు ఈ గుంపును గ్రూప్ రిత్మిక్ అంటారు. ఇక్కడ గుంపు అనే అందాం. అక్షరం అన్నప్పుడు ఛందస్సులో వాడే అర్థమే తీసుకోండి: ఒక అచ్చు, దానితో కలిసి పలికే హల్లులు.

మన దగ్గర ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లలో చాలామంది ఇంగ్లీషు మీదుగా వస్తారు. ఇంగ్లీషులో హాస్పిటల్ అంటే బరువు మొదటి అక్షరం మీద ఉంటుంది, ఆ మాట వాక్యంలో ఎక్కడున్నా దాని బరువు అక్కడే. ఫ్రెంచ్‌లో అదే మాట ఒంటరిగా ఉంటే ఒపితాల్. దాని వెనక ఇంకో మాట చేరి ఒకే గుంపైతే ఆ బరువు ఒపితాల్‌ను వదిలి వెనక మాట చివరికి పోతుంది. ఈ ఒక్క కదలిక పట్టుబడితే మిగతా పాఠమంతా దాని వెంటే వస్తుంది.

ముందు రాత పద్ధతి

ఈ అభ్యాసానికి తెలుగు లిపి బాగా పనికొస్తుంది, ఎందుకంటే మనకు హ్రస్వానికీ దీర్ఘానికీ వేరువేరు గుర్తులున్నాయి. నియమం ఒక్కటే: గుంపులో చివరి అక్షరానికి మాత్రమే దీర్ఘం రాయండి, మిగిలినవన్నీ హ్రస్వం. నా స్నేహితుడు అనే మాట మొఁనమీ. కాఫీ కఫే. కెనడా కనదా. విశ్వవిద్యాలయం యునివెర్సితే. ఫ్రెంచ్ స్పెల్లింగ్ కింద ఇలా తెలుగులో రాసుకుంటే ఊనిక ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది.

అరసున్న ఉన్న అచ్చును ముక్కుతో పలకాలి, దాని తర్వాత న్, మ్ వినిపించకూడదు. లె, దె వంటి చిన్న మాటల్లో ఎ పలికేటప్పుడు పెదవులు గుండ్రంగా ఉండాలి. యు అని రాసిన చోట నాలుక ఇ స్థానంలోనే ఉంచి పెదవులు ఉ లాగా ముడవాలి. అచ్చుల పాఠం వేరే ఉంది కనుక ఇక్కడికి ఈ మాత్రం చాలు.

దీర్ఘం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. తెలుగులో దీర్ఘం అర్థాన్ని మారుస్తుంది, పలక వేరు, పాలక వేరు. ఫ్రెంచ్‌లో ఈ నిడివి ఊనికకు గుర్తు మాత్రమే, మాట అర్థం మారదు. కఫే గుంపు మధ్యలోకి వచ్చి కఫె అయినంత మాత్రాన వేరే మాట కాదు.

ఊనిక అంటే గట్టిగా పలకడం కాదు

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. చివరి అక్షరం మీద ఊనిక అనగానే అక్కడ గొంతు పెంచుతారు. ఫ్రెంచ్ ఊనికలో ప్రధానమైనవి రెండు. ఒకటి నిడివి: చివరి అక్షరం మిగతావాటికి సుమారు రెండింతలు ఉంటుంది. రెండోది స్వరం: ఆ అక్షరం మీద శ్రుతి పైకి లేస్తుంది లేదా కిందికి దిగుతుంది. శబ్దం గట్టిగా ఉండాల్సిన పని లేదు. పైగా వాక్యం ముగిసే చోట చివరి అక్షరం నిడివిలో పెద్దదైనా శబ్దంలో తరచుగా అన్నిటికంటే మెత్తగా ఉంటుంది. బల్ల గుద్దినట్టు పలికితే ఫ్రెంచ్ వినేవాళ్లకు అది కోపంలా వినిపిస్తుంది.

చివరి అక్షరమే ఎందుకు అన్న ప్రశ్నకు చరిత్రలో జవాబుంది. లాటిన్‌లో ఊనిక మాట చివరి నుంచి రెండో అక్షరం మీదో మూడో అక్షరం మీదో ఉండేది. లాటిన్ ఫ్రెంచ్‌గా మారే క్రమంలో ఊనిక తర్వాతి అక్షరాలు అరిగిపోయాయి. లాటిన్ కీవిటాటెమ్‌లో ఊనిక టా మీద ఉండేది. దాని తర్వాతిది రాలిపోగా ఫ్రెంచ్‌లో మిగిలింది సితే, అంటే నగరం. ఊనిక కదలలేదు, మాటే దాని దగ్గర ఆగిపోయింది. దాంతో ఊనిక ఎప్పుడూ చివరే ఉండే స్థితి వచ్చింది. ఎప్పుడూ ఒకే చోట ఉండేదానితో మాటకూ మాటకూ తేడా చూపించలేం. అందుకే అది క్రమంగా మాటను వదిలి గుంపుకు హద్దురాయి పని చేయసాగింది. ఫ్రెంచ్ మాతృభాషగా ఉన్నవాళ్లు మాటలో ఊనిక ఎక్కడుందో గుర్తుపట్టడంలో తడబడతారని ఎమాన్యుయెల్ దుపూ, ఆయన సహ పరిశోధకులు 1997లో ప్రయోగాలతో చూపించారు. కాబట్టి మీరు ఊనిక తప్పు చోట పెడితే వినేవారు దాన్ని ఊనిక తప్పుగా పట్టుకోకపోవచ్చు. గుంపు అక్కడే ముగిసిందనుకుని వాక్యాన్ని తప్పుగా విడగొట్టుకుంటారు.

మొదటి మెట్టు: వాక్యాన్ని గుంపులుగా విడగొట్టడం

గుంపు అర్థాన్ని బట్టి ఏర్పడుతుంది. నామవాచకం, దాని ముందుండే ఆర్టికల్, ముందు వచ్చే విశేషణం కలిసి ఒక గుంపు. క్రియ, దాని ముందుండే సర్వనామాలు, నిషేధార్థకాలు కలిసి ఒక గుంపు. విభక్తి పని చేసే ఆ, దె, దఁ, అవెక్ లాంటి చిన్న మాటలు తమ వెనక వచ్చే నామవాచకంతోనే కలుస్తాయి. ఈ చిన్న మాటలు గుంపు ముందు భాగంలో ఉన్నంతకాలం ఎప్పుడూ బరువు మోయవు. వాటి తర్వాత ఆగడం తెలుగువాళ్ల వాక్యాల్లో తరచుగా వినిపించే తప్పు. ఆలోచించుకోవడానికి అవెక్ దగ్గరో లె దగ్గరో ఆగి సాగదీస్తాం. ఆగాల్సి వస్తే ఆ చిన్న మాటకు ముందే ఆగండి.

ఒక మినహాయింపు నియమాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. అతన్ని చూడు అనే ఆజ్ఞార్థకంలో లె క్రియ తర్వాత వస్తుంది: రెగర్ద్‌లే. మామూలుగా బరువే లేని ఆ లె ఇక్కడ గుంపు చివర ఉంది కనుక పూర్తిగా, నిడివితో పలుకుతుంది. నన్ను చూడు అనాలంటే మె చివర నిలవలేదు, దాని స్థానంలో మ్వా వస్తుంది: రెగర్ద్ మ్వా. నేను అని నొక్కి చెప్పాలన్నా జె బరువు మోయలేదు కాబట్టి దాని ముందు మ్వా చేరుస్తారు. ఇంగ్లీషులో ఐ మీద బరువు పెట్టి చెప్పేది ఫ్రెంచ్‌లో వేరే మాట తెచ్చి చెప్పాలి.

గుంపు ఎంత పొడవుండాలి? మామూలు మాటల్లో 3 నుంచి 5 అక్షరాలు. ఏడు దాటితే నాలుకకూ చెవికీ కష్టం, సాధారణంగా మధ్యలో ఇంకో ఊనిక పుట్టుకొస్తుంది. నెమ్మదిగా మాట్లాడితే గుంపులు చిన్నవవుతాయి, వేగం పెరిగితే రెండు చిన్న గుంపులు ఒకటవుతాయి. అందువల్ల ఒక వాక్యానికి ఒకటే సరైన విభజన అంటూ ఉండదు. కానీ అర్థాన్ని చీల్చే విభజన మాత్రం తప్పే.

ఇందుకు ఫ్రెంచ్ తరగతుల్లో పాతకాలం నుంచీ వాడే ఉదాహరణ ఒకటుంది. ఐదు మాటలు, అవే స్పెల్లింగులు, రెండు అర్థాలు:

లప్తీత్ / బ్రిజ్ ల గ్లాస్
లప్తిత్ బ్రీజ్ / ల గ్లాస్

మొదటిది, చిన్న పిల్ల మంచుగడ్డను పగలగొడుతోంది. రెండోది, ఆ పిల్లగాలి ఆమెను గడ్డకట్టిస్తోంది. మొదటి దాంట్లో తీత్ పొడుగు, బ్రిజ్ పొట్టి. రెండో దాంట్లో తిత్ పొట్టి, బ్రీజ్ పొడుగు. అర్థం తేల్చేది ఆ నిడివే. రెండింటినీ మార్చి మార్చి పలికి రికార్డు చేయండి. మర్నాడు విన్నప్పుడు ఏది ఏదో మీరే చెప్పలేకపోతే ఊనిక ఇంకా నిలబడలేదన్నమాట.

రెండో మెట్టు: గుంపు లోపల మాటల హద్దులు చెరపడం

గుంపులో మాటలు విడివిడిగా ఉండవు. ముందు మాట హల్లుతో ముగిసి వెనక మాట అచ్చుతో మొదలైతే ఆ హల్లు వెనక అచ్చుకు అంటుకుంటుంది. ఇది తెలుగువాళ్లకు కొత్త కాదు. మన సంధి కూడా హల్లును వెనక వచ్చే అచ్చుతో కలుపుతుంది. ఆమెతో అనే అర్థంలో అవెక్, ఎల్ కలిస్తే అ-వె-కేల్. విడిగా ఉన్నప్పుడు వినిపించని హల్లు కొన్నిసార్లు అచ్చు ముందు బయటికొస్తుంది. మూడు అంటే త్ర్వా, సంవత్సరాలు అంటే ఆఁ, మూడేళ్లు అంటే త్ర్వజాఁ. ఈ జ స్పెల్లింగులోని చివరి హల్లు. గుంపు లోపలే ఇలా జరుగుతుంది. గుంపు హద్దు దాటి కలపడం చాలాచోట్ల తప్పు.

ఇక మనకు నిజంగా అడ్డుపడేది మాట చివరి హల్లు. అచ్చుతో ముగియడం తెలుగు మాటల స్వభావం కాబట్టి బస్సు, కారు, బ్యాంకు అన్నట్టే అవెక్ కాస్తా అవెక్కు అయిపోతుంది, తాబ్ల్ తాబ్లు అవుతుంది. ఇది యాసకు మాత్రమే సంబంధించిన తప్పైతే పట్టించుకోకపోయినా పరవాలేదు. కానీ ఈ ఉకారం ఒక కొత్త అక్షరాన్ని పుట్టిస్తుంది. ఊనిక పడాల్సిన అక్షరం చివరిది కాకుండా పోతుంది. అప్పుడు ఆ నిడివి కొత్త ఉకారం మీదికి జరుగుతుంది, లేదా ఎటూ కాకుండా పోతుంది. పైగా క్కు అని ద్విత్వం చేయడంతో దాని ముందు అక్షరం గురువై ఇంకో బరువు పుడుతుంది.

దీన్ని సరిచేయడానికి మంచి మార్గం: చివరి హల్లు దగ్గర గొంతు ఆపేసి గాలి మాత్రమే వదలండి. అవెక్ చివర క్ గుసగుసలా వినిపించాలి. గొంతు మీద వేలు పెట్టి చూస్తే క్ వదిలే క్షణంలో కంపనం ఉండకూడదు. తాబ్ల్, మెత్ర్ లాంటివాటిలో చివరి ల్, ర్ కూడా దాదాపు గాలే. దక్షిణ ఫ్రాన్స్‌లో, తులూజ్, మార్సెయ్ వైపు, ఇలాంటి మాటల చివర ఎ లాంటి చిన్న అచ్చు నిజంగానే పలుకుతారు. అక్కడ కూడా ఊనిక దాని ముందు అక్షరం మీదే ఉంటుంది. చివరి అక్షరం అన్నప్పుడు ఈ బలహీనమైన ఎ లెక్కలోకి రాదని అర్థం చేసుకోవాలి.

మూడో మెట్టు: మిగతా అక్షరాలను సమంగా ఉంచడం

చివరి అక్షరం పొడుగ్గా వినిపించాలంటే దాని ముందువి పొట్టిగా ఉండాలి. తెలుగువాళ్లు చివరిది పొడిగించడం తొందరగానే నేర్చుకుంటారు. ముందువాటిని పొట్టిగా ఉంచడమే కష్టం. మన ఛందస్సులో సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు, దీర్ఘం గురువు, పొల్లు హల్లుతో కూడిన అక్షరం గురువు. ఆ అలవాటు నాలుక మీద ఉంటుంది. ఫ్రెంచ్ పద్యంలో ఈ గురులఘువుల లెక్కే లేదు. అలెక్సాంద్రిన్ అనే వారి ప్రధాన ఛందంలో పాదానికి 12 అక్షరాలు, ఆరో అక్షరం తర్వాత విరుపు, అంతే. అక్షరాల సంఖ్యను లెక్కిస్తారు, బరువును కాదు. మాట్లాడే భాష నడక అలాంటిది కాబట్టే పద్యం అలా కుదిరింది.

ద్విత్వం విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. స్పెల్లింగులో రెండు ఎల్‌లు, రెండు ఎస్‌లు ఉన్నా పలికేది ఒక్కటే. వెళ్దాం అనే మాట అలోఁ, అల్లోఁ కాదు. ల్లో అనగానే మొదటి అ బరువెక్కుతుంది.

సమంగా ఉంచడానికి వేలితో బల్ల మీద తట్టండి, అక్షరానికి ఒక తట్టు. చివరి తట్టు దగ్గర వేలు ఎత్తకుండా కాసేపు ఉంచి లాగండి. ముందు మాటలు లేకుండా త తో మొదలెట్టండి: త త తా, త త త తా, త త త త తా. ఆ తర్వాత అదే నడకలో మాటలు కూర్చండి: కనదా, ఒపితాల్, యునివెర్సితే. ఇంగ్లీషులోనూ ఉన్న మాటలనే ముందు తీసుకోవాలి, ఎందుకంటే పాత బరువు వాటిలోనే మొండిగా ఉంటుంది.

ఆ తర్వాతే ఊనిక కదలడం:

ఎఁ కఫే
ఎఁ కఫె న్వార్
ఎఁ ప్తి కఫె న్వార్

ఒక కాఫీ, ఒక బ్లాక్ కాఫీ, ఒక చిన్న బ్లాక్ కాఫీ. మొదటి వరుసలో ఫే పొడుగు. రెండో వరుసలో న్వార్ చేరగానే ఫె పొట్టిదైపోవాలి. చాలామంది నోట రెండో వరుస ఎఁ కఫే న్వార్ అని రెండు దీర్ఘాలతో వస్తుంది. అంటే ఒక్క గుంపు రెండుగా చీలింది. ప్రతి వరుసలో ఒకటే దీర్ఘం ఉండాలి.

న్వార్ ఇంకా కాస్త పొడుగ్గా ఉన్నట్టు వినిపిస్తే మీ చెవి సరిగ్గానే పనిచేస్తోంది. ఊనిక ఉన్న అక్షరం చివర ర్, జ్, వ్ లాంటి హల్లు ఉంటే దాని అచ్చు మరింత సాగుతుంది. ఎరుపు అనే రూజ్‌లో, నలుపు అనే న్వార్‌లో జరిగేది అదే. ప్, త్, క్ ఉంటే అంత సాగదు.

నాలుగో మెట్టు: స్వరం

నిడివి కుదిరాక స్వరం చేర్చండి. రెండూ ఒకేసారి మొదలెడితే రెండూ చెడతాయి. వాక్యం ఇంకా ఉంది అని చెప్పే గుంపు చివరి అక్షరం మీద స్వరం పైకి లేస్తుంది. వాక్యం అయిపోయింది అని చెప్పే గుంపు చివర స్వరం కిందికి, గొంతు అడుగు వరకు దిగుతుంది. ధ్వనిశాస్త్రవేత్త పియెర్ దెలాత్ర్ 1966లో ఫ్రెంచ్ మౌలిక స్వరాలను పదిగా వర్గీకరించాడు. వాటిలో మొదట పట్టుబడాల్సినవి ఈ రెండూ, ప్రశ్న స్వరం. వాక్యం మధ్యలో లేచే స్వరం కూడా అన్ని చోట్లా ఒకే ఎత్తులో ఉండదు. కర్త ముగిసి క్రియ మొదలయ్యే చోటు లాంటి పెద్ద హద్దు దగ్గర ఎక్కువ లేస్తుంది, దాని లోపలి చిన్న హద్దుల దగ్గర తక్కువ.

లేవాల్సింది చివరి అక్షరం మీదే. దాని ముందు అక్షరాలు దాదాపు సమతలంగా ఉండాలి. మనవాళ్ల నోట స్వరం మాట మొదట్లోనే పైకెళ్లి చివరికొచ్చేసరికి జారిపోతుంది. గుంపు తర్వాత గుంపు అలా జారితే ప్రతి గుంపు దగ్గరా వాక్యం ముగిసినట్టు వినిపిస్తుంది. ఎదుటివాళ్లు మీ మాట మధ్యలో అందుకుంటున్నారంటే తరచుగా కారణం ఇదే.

అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నకు తెలుగులో చివర ఆ చేరుస్తాం, వచ్చాడా, తిన్నావా. మాట్లాడే ఫ్రెంచ్‌లో చాలాసార్లు అలాంటి ప్రత్యయమేదీ ఉండదు, మాటల క్రమమూ మారదు. త్యు వ్యేఁ అంటే నువ్వు వస్తున్నావు అనీ, వస్తున్నావా అనీ. వ్యేఁ మీద స్వరం దిగితే మొదటి అర్థం, నిటారుగా లేస్తే రెండోది. ఎక్కడ, ఎప్పుడు లాంటి ప్రశ్నపదం వాక్యం ముందుంటే ఇంత లేపనక్కర్లేదు. స్వరం ఆ ప్రశ్నపదం మీదే ఎత్తులో మొదలై చివరికి దిగుతుంది. పోల్ ఎక్కడ పనిచేస్తున్నాడు అనే ఉ త్రవయ్ పోల్ అలాంటిదే. ఇంగ్లీషు తరగతిలో ప్రశ్న అంటే చివర పైకి అని నేర్చుకున్నవాళ్లు దీన్ని కూడా పైకి లేపుతారు, అప్పుడు మీరు విన్నది నమ్మలేక మళ్లీ అడుగుతున్నట్టు ఉంటుంది.

ఒక వాక్యం మొదటి నుంచి చివరి దాకా

నా స్నేహితుడు పోల్ మూడేళ్లుగా లియోన్‌లో పనిచేస్తున్నాడు అనే వాక్యం తీసుకుందాం. మాట మాటగా విడగొడితే: మొఁ, అమి, పోల్, త్రవయ్, ఆ, ల్యొఁ, దెప్వి, త్ర్వా, ఆఁ. తొమ్మిది మాటలు. తొమ్మిది చోట్ల బరువు పెట్టే ప్రమాదం ఉంది.

గుంపులు చూడండి. నా స్నేహితుడు పోల్ ఒకటి. లియోన్‌లో పనిచేస్తున్నాడు ఒకటి. మూడేళ్లుగా ఒకటి. ఇప్పుడు హల్లులను వెనక అచ్చులకు కలపండి. మొఁ, అమి మధ్య న వస్తుంది: మొఁ-న-మి. త్రవయ్ చివరి య్ వెనకున్న ఆ కు అంటుకుంటుంది: త్ర-వ-య. త్ర్వా, ఆఁ మధ్య జ. మొత్తం ఇలా తేలుతుంది:

మొఁ-న-మి-పోల్ / త్ర-వ-య-ల్యోఁ / దె-ప్వి-త్ర్వ-జాఁ

గుంపుకు నాలుగు అక్షరాలు, మొత్తం పన్నెండు, దీర్ఘాలు మూడే. తొమ్మిది మాటల జాడ ఎక్కడా మిగలలేదు.

పలకడం చివరి నుంచి మొదలెట్టండి. ముందు నుంచి మొదలెడితే ప్రతిసారీ కొత్త మాట చివర చేరుతుంది, ఊనిక చోటు మారుతుంది, నాలుక తడబడుతుంది. చివరి నుంచి కట్టుకుంటూ పోతే ఊనిక స్థిరంగా ఉంటుంది:

జాఁ
త్ర్వజాఁ
ప్వి త్ర్వజాఁ
దెప్వి త్ర్వజాఁ

ప్రతి వరుసనూ ఐదుసార్లు, స్వరం దించుతూ పలకండి. తర్వాత రెండో గుంపును ఇలాగే ల్యోఁ, యల్యోఁ, వయల్యోఁ, త్రవయల్యోఁ అని కట్టండి, ఈసారి చివర స్వరం లేపుతూ. తర్వాత మొదటి గుంపు: పోల్, మిపోల్, నమిపోల్, మొఁనమిపోల్. పోల్ దగ్గర ల్యోఁ కంటే కాస్త ఎక్కువ లేపండి, కర్త ముగిసే పెద్ద హద్దు అదే కాబట్టి. పోల్ చివర ల్ ను లు చేయకండి. చివరికి మూడూ కలపండి.

కలిపేటప్పుడు గుంపుకూ గుంపుకూ మధ్య నిశ్శబ్దం ఉండకూడదు. గుంపు హద్దును చూపేది నిడివి, స్వరం. ఆగడం కాదు. ఈ పన్నెండు అక్షరాలు ఒకే ఊపిరిలో పోవాలి.

వేగం పెంచితే దెప్విలోని ఎ రాలిపోయి ద్ప్వి అనే ఒక్క అక్షరం అవుతుంది. అప్పుడు రెండో మూడో గుంపులు కలిసి ఏడక్షరాల ఒకే గుంపుగా పలకవచ్చు: త్ర-వ-య-ల్యొఁ-ద్ప్వి-త్ర్వ-జాఁ. ల్యొఁ పొట్టిదైంది చూడండి. నెమ్మది రూపం బాగా కుదరక ముందు ఇటు రావద్దు, హల్లుల గుత్తి దగ్గర ఉకారం మళ్లీ దూరుతుంది.

ఇదే వాక్యాన్ని ప్రశ్నగా మార్చడం ఇక సులువు. నీ స్నేహితుడు పోల్ లియోన్‌లో పనిచేస్తున్నాడా అనాలంటే: తొఁనమి పోల్ / త్రవయల్యోఁ? పోల్ మామూలుగా లేస్తుంది, ల్యోఁ మాత్రం అంతకంటే బాగా ఎత్తుకు, ఆ ఒక్క అక్షరంలోనే ఎగబాకుతుంది. త్రవ దగ్గరే ఎత్తు మొదలైతే చివరికి లేపడానికి చోటు మిగలదు. గొంతు తక్కువ శ్రుతిలో మొదలుపెట్టండి.

రికార్డింగులో తేల్చుకోవడం

చెవికి అలవాటు లేనంతవరకు మన నిడివి మనకు సరిగ్గా తెలియదు. కంప్యూటర్‌లో Praat అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని మీ రికార్డింగు తెరిచి View & Edit నొక్కండి. ధ్వని తరంగం, దాని కింద శ్రుతి గీత కనిపిస్తాయి. మగ గొంతుకు శ్రుతి పరిధి 75 నుంచి 300 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100 నుంచి 500 పెట్టండి, లేకపోతే గీత అనవసరంగా ఎగిరి దూకుతుంది. మౌస్‌తో న, మి అనే అక్షరాలను ఒక్కొక్కటిగా ఎంచుకుంటే ఎన్ని సెకన్లో చూపిస్తుంది. తర్వాత పోల్, ల్యోఁ, జాఁ ఎంచుకోండి. చివరి అక్షరం మిగతావాటికి రెండింతల దరిదాపుల్లో ఉంటే చాలు. సమానంగా ఉంటే ఊనిక లేనట్టే. మూడింతలు దాటితే సాగదీస్తున్నారు, స్వరం నిలిచిపోయి రాగంలా వినిపిస్తుంది.

గీతలో మూడు చోట్లు చూడండి: పోల్, ల్యోఁ దగ్గర పైకి, జాఁ దగ్గర కిందికి. మొఁ దగ్గరో త్ర దగ్గరో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఉంటే మొదటి అక్షరం బరువు ఇంకా పోలేదు. జాఁ తర్వాత చిన్న తోకలా ఇంకో అచ్చు కనబడితే అది మన ఉకారమో, ముక్కుతో పలికే అచ్చు చివర దూరిన న్ కారమో.

రోజుకు పది నిమిషాలు, రెండు వాక్యాలకు మించకుండా చేయండి. వాక్యాలు అయిపోతే రెండు రకాలు కలపండి. ఒకటి, సరుకుల చిట్టా: ద్యుపేఁ, ద్యులే, ఎ ద్యుఫ్రొమాజ్. రొట్టె, పాలు, జున్ను. చివరిది తప్ప అన్నీ పైకి, చివరిది కిందికి. రెండోది, ఫోన్ నంబర్లు. ఫ్రాన్స్‌లో పది అంకెల నంబరును రెండేసి అంకెల ఐదు జతలుగా చదువుతారు. మొదటి నాలుగు జతల చివర పైకి, ఐదో జత చివర కిందికి. నంబరు రాసుకునే అవతలి మనిషి, ఇంక లేదని తెలుసుకునేది ఆ దిగుడుతోనే. నాలుగో జత దగ్గర దించేస్తే వాళ్లు కలం పక్కన పెట్టేస్తారు.

మొదటి అక్షరం మీద బరువు వినిపిస్తే

వార్తలు, రాజకీయ చర్చలు వింటున్నప్పుడు చివర కాకుండా మాట మొదట్లోనే గట్టి నొక్కు వినిపిస్తుంది. నేర్చుకున్నది తప్పేమో అనిపిస్తుంది. అది వేరే ఊనిక, అక్సఁ దెఁసిస్తాఁస్ అంటారు. ఉద్వేగం కోసమో, ఒక మాటను ప్రత్యేకంగా ఎత్తి చూపడానికో వాడతారు. అద్భుతం అనే ఫొర్మిదాబ్ల్‌లో ఫ్ ను బిగబట్టి పొడిగించి, ఫొర్ మీద స్వరం ఎగరేస్తారు. ఇక్కడ నొక్కు హల్లులో ఉంటుంది, అచ్చు సాగదు. మాట అచ్చుతో మొదలైతే ఉద్వేగపు నొక్కు చాలాసార్లు హల్లుతో మొదలయ్యే తర్వాతి అక్షరానికి జరుగుతుంది. అసాధ్యం అనే సెతెఁపొసీబ్ల్‌లో అది పొ మీద పడుతుంది.

ఈ నొక్కు వచ్చినా చివరి అక్షరం నిడివి పోదు. ఫొర్ మీద నొక్కు, దాబ్ల్ మీద నిడివి రెండూ ఉంటాయి. మొదటి అక్షరం బరువు ఇంగ్లీషు నుంచి వచ్చిన మనకు ఇది చాలా తేలిగ్గా వస్తుంది, వచ్చి చివరిదాన్ని మింగేస్తుంది. అందువల్ల ఎఁ ప్తి కఫె న్వార్ ఒకే దీర్ఘంతో తడుముకోకుండా వచ్చే దాకా దీన్ని వినండి, గుర్తుపట్టండి, అనుకరించకండి.

చివరగా ఒక వాక్యరూపం. రోజువారీ ఫ్రెంచ్‌లో కర్తను వాక్యం తర్వాత చేర్చడం సర్వసాధారణం: ఇలెపర్తీ, పోల్. వెళ్లిపోయాడు, పోల్. వాక్యం తీ దగ్గరే ముగిసింది, స్వరం అక్కడే దిగింది. పోల్ ఆ అడుగు స్థాయిలోనే చదునుగా, మెత్తగా పలకాలి. పోల్‌ను పైకి లేపితే పోల్‌ను పిలిచి ఇంకెవరో వెళ్లిపోయారని అతనితో చెప్పినట్టు వినిపించవచ్చు.